3.5 కిలోమీటర్లు 0.0035 మీటర్లు ఎలా అయింది? మెట్రిక్ మార్పిడి తప్పుల వెనక ఉన్న లెక్క

ఐదు, ఆరు తరగతుల పిల్లలున్న ఇళ్లలో యూనిట్ల మార్పిడి వర్క్‌షీట్ వచ్చిన రోజు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. పిల్లలు జవాబులు రాస్తారు. పెద్దవాళ్లు వాటిని చివరి పేజీలో ఇచ్చిన జవాబులతో పోల్చి టిక్కులో ఇంటూలో పెడతారు. ఏడు లెక్కల్లో ఆరింటికి ఇంటూ పడితే "నీకు ఈ చాప్టరే రాలేదు, మొత్తం మళ్లీ చెయ్యి" అనేస్తారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఇంకో గొడవ నడుస్తుంటుంది. అచ్చులో ఇచ్చిన జవాబే తప్పని ఒకరంటారు, కాదు మీవాడిదే తప్పని ఇంకొకరంటారు.

నిజానికి మెట్రిక్ మార్పిడిలో తప్పు జవాబు ఊరికే తప్పు జవాబు కాదు. ఏ మెట్టు దగ్గర జారిందో చాలాసార్లు ఆ సంఖ్యలోనే కనిపిస్తుంది. సరైన జవాబుకు, రాసిన జవాబుకు మధ్య ఎన్ని రెట్ల తేడా ఉందో చూస్తే కారణం దాదాపు బయటపడుతుంది. అన్నిసార్లూ కాదు. ఎక్కడ పడదో కూడా ఈ వ్యాసంలో చూద్దాం.

మార్పిడిలో మారేదేమిటి, మారనిదేమిటి

పొడవుకు మీటరు, ద్రవ్యరాశికి గ్రాము, ద్రవాల పరిమాణానికి లీటరు. ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థం ఎంత అన్నది. బజారులో మనం బరువు అంటున్నది దాన్నే. ఈ మూడు పేర్ల ముందు కిలో చేరితే వెయ్యి రెట్లు, సెంటీ చేరితే నూరో వంతు, మిల్లీ చేరితే వెయ్యో వంతు. మన దగ్గర వీటికి తోడు క్వింటాలు, టన్ను కూడా వాడుకలో ఉన్నాయి. క్వింటాలు 100 కిలోలు, టన్ను 1000 కిలోలు.

ఈ గుణకాలన్నీ 10, 100, 1000 లాంటివే కాబట్టి ఒక మంచి లక్షణం వచ్చింది. ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు మార్చినప్పుడు అంకెలు, వాటి వరస మారవు. పాయింట్ జరుగుతుంది, ముందో వెనకో సున్నాలు చేరతాయి, అంతే. 4.05 కిలోలను గ్రాముల్లోకి మారిస్తే 4050. అక్కడ 4, 0, 5 అదే వరసలో ఉన్నాయి. అడుగులు, అంగుళాల్లో ఇలా ఉండదు. 5 అడుగుల 7 అంగుళాలంటే 67 అంగుళాలు, ఎందుకంటే అక్కడ గుణకం 12. అంకెలే మారిపోతాయి.

అందుకే మెట్రిక్ జవాబు చూడగానే రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవచ్చు. అంకెలు సరిగా ఉన్నాయా? పాయింట్ సరైన చోట ఉందా? అంకెలు తప్పితే ఒక రకం తప్పు, అంకెలు సరిగా ఉండి పాయింట్ తప్పితే ఇంకో రకం. ఈ రెంటినీ కలిపేసి ఒకే ఇంటూ కొట్టడం వల్లే అసలు సంగతి మరుగున పడిపోతోంది.

ఒక వర్క్‌షీట్, ఏడు జవాబులు

గుంటూరులో ఆరో తరగతి చదివే అమ్మాయి రాసిందనుకుని, పిల్లల పుస్తకాల్లో మామూలుగా కనిపించే తప్పులతో ఒక నమూనా తీసుకుందాం.

1. 3.5 కి.మీ. = 0.0035 మీ.
2. 45 మి.మీ. = 0.45 సెం.మీ.
3. 3 కి.గ్రా. 50 గ్రా. = 3.5 కి.గ్రా.
4. 2520 కి.గ్రా. = 2.52 క్వింటాళ్లు
5. 0.75 లీ. = 750 మి.లీ.
6. 6 మీ. 8 సెం.మీ. = 6.8 మీ.
7. 8200 గ్రా. = 82,00,000 కి.గ్రా.

అయిదోది ఒక్కటే సరైనది. మిగతా ఆరూ తప్పే. కానీ ఆ ఆరు తప్పుల వెనక ఉన్న కారణాలు నాలుగే. ఒక్కొక్కటి విడదీసి చూద్దాం.

పది లక్షల రెట్ల తేడా: గుణించాల్సిన చోట భాగించడం

మొదటి లెక్కలో సరైన జవాబు 3500 మీటర్లు. అమ్మాయి రాసింది 0.0035. అంకెలు 3, 5 సరిగానే ఉన్నాయి, పాయింట్ తప్పింది. ఎంత తప్పింది? 3500ను 0.0035తో భాగిస్తే 10,00,000 వస్తుంది, అంటే పది లక్షల రెట్లు. ఏడో లెక్కలో సరైన జవాబు 8.2 కిలోలు. రాసింది 82 లక్షల కిలోలు. ఇక్కడా తేడా సరిగ్గా పది లక్షల రెట్లే.

అక్కడా ఇక్కడా పది లక్షలే రావడం కాకతాళీయం కాదు. కిలోమీటర్ల నుంచి మీటర్లకు వెళ్లేటప్పుడు 1000తో గుణించాలి. ఆమె 1000తో భాగించింది. గుణించక పోవడం వల్ల 1000 రెట్లు తగ్గింది, భాగించడం వల్ల ఇంకో 1000 రెట్లు తగ్గింది. మొత్తం 1000 × 1000. అంటే దిశ తిరగబడితే తేడా గుణకానికి వర్గం అవుతుంది. గుణకం 1000 అయితే పది లక్షలు, 100 అయితే పది వేలు, 10 అయితే వంద.

ఇక్కడ గమనించాల్సిన మంచి విషయం ఒకటి ఉంది. కిలోకు వెయ్యి అని ఆ అమ్మాయికి బాగా తెలుసు. తెలియకపోతే తేడా ఇంత కచ్చితంగా పది లక్షలు వచ్చేది కాదు. ఆమెకు తెలియనిది ఎటు వెళ్లాలన్నదే. కాబట్టి యూనిట్ల పట్టిక మళ్లీ బట్టీ పట్టించినా ఈ తప్పు పోదు. యూనిట్ చిన్నదైతే సంఖ్య పెద్దదవుతుంది, యూనిట్ పెద్దదైతే సంఖ్య చిన్నదవుతుంది అన్న ఒక్క ఆలోచన కుదరాలి.

అది కుదిరిందో లేదో జవాబును కళ్ల ముందు ఊహించుకుంటే తెలిసిపోతుంది. 0.0035 మీటర్లంటే మూడున్నర మిల్లీమీటర్లు, బియ్యపు గింజ కంటే చిన్నది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, అంటే కిలోమీటరు దాటి కొంచెం. దాన్ని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిన పిల్లకు 3.5 కిలోమీటర్లంటే ఇంచుమించు మూడు బ్యారేజీలని తెలుస్తుంది. అంత దూరం బియ్యపు గింజలో ఇమడదు. అలాగే 8200 గ్రాములంటే ఎనిమిది కిలోల పైచిలుకు, చేత్తో మోసే సంచి. 82 లక్షల కిలోలంటే 8200 టన్నులు.

పది రెట్ల తేడా: గుణకం ఒక మెట్టు జారడం

రెండో లెక్క 45 మిల్లీమీటర్లు. సరైన జవాబు 4.5 సెంటీమీటర్లు, రాసింది 0.45. తేడా పది రెట్లే. దిశ తిరగబడి ఉంటే 450 రావాలి, అప్పుడు తేడా వంద రెట్లు ఉండేది. ఇక్కడ దిశ సరిగానే ఉంది, భాగించాలని ఆమెకు తెలుసు. కాకపోతే 10తో భాగించాల్సింది 100తో భాగించింది. సెంటీమీటరు పేరు కనబడగానే నూరు గుర్తుకు రావడం వల్ల ఇది జరుగుతుంది. మీటరుకు సెంటీమీటర్లు 100 నిజమే. కానీ ఇక్కడ మీటరు ప్రస్తావనే లేదు, సెంటీమీటరుకు మిల్లీమీటర్లు 10 మాత్రమే.

జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి చూపిస్తే చాలు. 1కి 2కి మధ్య ఉన్న చిన్న గీతల ఖాళీలు పది. అయితే అక్కడా ఒక చిక్కుంది. కొందరు ఖాళీలు కాకుండా గీతలు లెక్కపెడతారు, రెండు చివరలూ కలిపి పదకొండు అంటారు. కిలో, హెక్టా, డెకా, మీటరు, డెసి, సెంటీ, మిల్లీ అని మెట్లు రాసుకుని లెక్కపెట్టేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మిల్లీ నుంచి మీటరుకు మూడు గెంతులు. బయలుదేరిన మెట్టును కూడా ఒకటని లెక్కేసుకుంటే నాలుగు అవుతాయి, జవాబు పది రెట్లు జారుతుంది. రెండు తప్పులూ పది రెట్ల తేడానే చూపిస్తాయి కాబట్టి ఏ కారణమో సంఖ్యను బట్టి చెప్పలేం. "ఎలా చేశావమ్మా?" అని అడగాల్సిందే.

నాలుగో లెక్కలో తేడా కూడా పది రెట్లే. 2520 కిలోలంటే 25.2 క్వింటాళ్లు, ఆమె 2.52 అని రాసింది. ఇక్కడ మెట్ల లెక్క తప్పు కాదు, క్వింటాలును టన్ను అనుకుంది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఈ తప్పు సరిదిద్దడం తేలిక. యార్డులో ధర చెప్పేది క్వింటాలుకు, సరుకు వచ్చేది టిక్కీలనే బస్తాల్లో. ఒక టిక్కీ 42 కిలోలు ఉందనుకుంటే 60 టిక్కీలు కలిపి 2520 కిలోలు. రెండు టిక్కీలకు 84 కిలోలు, మూడింటికి 126 కిలోలు. అంటే క్వింటాలుకు రెండున్నర టిక్కీలకు కాస్త తక్కువ పడతాయి. అరవై టిక్కీల సరుకు రెండున్నర క్వింటాళ్లే అయితే ఒక్కో క్వింటాలుకు దాదాపు 24 టిక్కీలు పట్టాలి. ఈ మాట ఇంట్లో మిర్చి వ్యాపారం తెలిసిన తాతగారి ముందు అంటే వెంటనే పట్టేస్తారు.

అంకెలే మారిపోయిన జవాబులు: కిలోలు, గ్రాములు కలిసి వచ్చినప్పుడు

మూడో లెక్క మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. నా ఉద్దేశంలో పిల్లల మార్పిడుల్లో అన్నిటికంటే మొండి తప్పు ఇదే. 3 కిలోల 50 గ్రాములంటే 3.05 కిలోలు. ఆమె రాసింది 3.5. తేడా పది రెట్లూ కాదు, వంద రెట్లూ కాదు. 3.5ను 3.05తో భాగిస్తే ఒకటి పైన ఏదో వంకర సంఖ్య వస్తుంది. రావాల్సిన అంకెలు 3, 0, 5, వచ్చినవి 3, 5. అంటే పాయింట్ జారలేదు, అంకెలు పేర్చడంలోనే తేడా వచ్చింది.

ఇది డబ్బు అలవాటు. 3 రూపాయల 50 పైసలను 3.50 అని రాయడం సరైనదే, ఎందుకంటే రూపాయికి 100 పైసలు. పాయింట్ తర్వాత రెండు స్థానాలు పైసలకు సరిపోతాయి. కిలోకు 1000 గ్రాములు కాబట్టి గ్రాములకు మూడు స్థానాలు కావాలి. 50 గ్రాములను మూడు స్థానాల్లో రాస్తే 050, కాబట్టి 3.050. పిల్లలు ముందున్న సున్నాను వదిలేసి 3.50 అనేస్తారు. అది 3 కిలోల 500 గ్రాములైపోతుంది. రాసిన దాంట్లో 450 గ్రాములు ఎక్కువ.

ఆరో లెక్కా ఈ కోవలోదే. మీటరుకు 100 సెంటీమీటర్లు కాబట్టి రెండు స్థానాలు కావాలి. 8 సెంటీమీటర్లంటే 08. జవాబు 6.08. ఆమె రాసిన 6.8 మీటర్లంటే 6 మీటర్ల 80 సెంటీమీటర్లు. లీటర్లలోనూ అంతే. 2 లీటర్ల 75 మిల్లీలీటర్లు 2.075 అవుతుంది, 2.75 కాదు.

మన దేశంలో డబ్బు, తూనికలు రెండూ దశాంశ పద్ధతిలోకి వచ్చింది దాదాపు ఒకేకాలంలో. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది, రూపాయికి వంద నయా పైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి. సేర్లు, వీశెలు, మణుగులు పోయి లెక్క తేలికైంది. అయితే రూపాయికి వంద, కిలోకు వెయ్యి అన్న ఆ చిన్న తేడా దగ్గర పిల్లలు ఇప్పటికీ తడబడుతున్నారు.

దీనికి మంచి సాక్ష్యం కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా. యాభై గ్రాముల జీలకర్ర పెడితే దాని మీద 0.050 అని పడుతుంది. పావు కిలో పెడితే 0.250, అర కిలోకు 0.500. పాయింట్ తర్వాత మూడు అంకెలు ఎప్పుడూ ఉంటాయి. ఈ పావు దగ్గర మరో తప్పు కూడా దొర్లుతుంది. కిలోంపావు అంటే 1.25 కిలోలు. కొందరు పిల్లలు పావును నాలుగో వంతుగా గుర్తుపెట్టుకుని ఆ నాలుగును పాయింట్ తర్వాత రాసేస్తారు, 1.4 అని. అంకెలు మారిపోయాయి కాబట్టి ఇదీ పాయింట్ తప్పు కాదు, భిన్నాన్ని దశాంశంగా రాయడంలో వచ్చిన తప్పు.

ఇప్పుడు ఆరు తప్పుల లెక్క తేలింది. 1, 7 దిశ తప్పులు. 3, 6 స్థానాల తప్పులు. రెండోది సెంటీ దగ్గర గందరగోళం, నాలుగోది క్వింటాలు ఎంతో తెలియకపోవడం.

ఒకే తేడా, రెండు కారణాలు: ఘనపరిమాణం దగ్గర జాగ్రత్త

పొడవులో, బరువులో బాగా పనిచేసిన ఈ రెట్ల పరీక్ష ఘనపరిమాణం దగ్గరకు వచ్చేసరికి ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ఒక లెక్క చూద్దాం. డాబా మీద దీర్ఘచతురస్రాకారపు నీళ్ల తొట్టి ఉంది. పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 80 సెంటీమీటర్లు, లోతు 50 సెంటీమీటర్లు. ఎన్ని లీటర్లు పడతాయి?

అన్నిటినీ సెంటీమీటర్లలో పెడితే 120 × 80 × 50 = 4,80,000 ఘన సెంటీమీటర్లు. లీటరుకు 1000 ఘన సెంటీమీటర్లు కాబట్టి 480 లీటర్లు. ఒక పిల్లాడు 4800 లీటర్లని రాశాడనుకోండి. అంకెలు సరిగా ఉన్నాయి, తేడా పది రెట్లు. పై పరీక్ష ప్రకారం గుణకం ఒక మెట్టు జారిందనాలి. కానీ అతని రఫ్ పేజీ చూస్తే 1.2 × 80 × 50 = 4800 అని ఉంటుంది. మీటర్లను సెంటీమీటర్లతో గుణించేసి, వచ్చిన దానికి లీటర్లని పేరు పెట్టాడు. మెట్టు జారలేదు, అసలు మార్పిడే జరగలేదు. జవాబు పది రెట్ల దూరంలో ఆగడం కేవలం యాదృచ్ఛికం.

ఇంకో పిల్ల అదే తొట్టిని 0.48 ఘన మీటర్లని సరిగా కట్టి, దాన్ని ఘన సెంటీమీటర్లలోకి మారుస్తూ 48 అని రాసింది. సరైనది 4,80,000. తేడా పది వేల రెట్లు. పొడవు లెక్కలో పది వేల రెట్లంటే మీటర్లు, సెంటీమీటర్ల మధ్య దిశ తిరగబడిందని అర్థం. ఇక్కడ అది కాదు. మీటరుకు 100 సెంటీమీటర్లు కాబట్టి ఘన మీటరుకూ 100 ఘన సెంటీమీటర్లే అనుకుంది. నిజానికి పొడవు, వెడల్పు, ఎత్తు మూడు వైపులా 100 చొప్పున 100 × 100 × 100, అంటే పది లక్షలు. పది లక్షలతో గుణించాల్సిన చోట వందతోనే గుణించింది, అందుకే పది వేలు తక్కువ పడింది.

కాబట్టి ఘన యూనిట్లు ఉన్న లెక్కలో రెట్ల తేడా అనుమానానికి మాత్రమే పనికొస్తుంది, తీర్పుకు పనికిరాదు. రఫ్ పని చూడకుండా కారణం చెప్పడం న్యాయం కాదు. వర్క్‌షీట్‌లో జవాబుకు ఒక్క గీత మాత్రమే ఇచ్చి రఫ్ పనికి చోటు ఇవ్వకపోతే, దిద్దేవాళ్లకు ఉన్న ఒకే ఆధారం పోతుంది.

లీటరు, కిలో ఒకటేనా?

"2 లీటర్ల నూనె = ఎన్ని కిలోలు?" అని వర్క్‌షీట్‌లో ఉండి జవాబుల పేజీలో 2 అని ఇస్తే, తప్పు పిల్లలది కాదు. లీటరు చోటును కొలుస్తుంది, కిలో పదార్థాన్ని కొలుస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ఆ పదార్థపు సాంద్రత తెలియాలి. పది, వంద, వెయ్యి అనే గుణకం ఇక్కడ లేదు.

లీటరు వంటనూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని కూడా రాసి ఉండటం చూసే ఉంటారు. ఆ లెక్కన 2 లీటర్లు 1.82 కిలోలు. లీటరు పాలు కిలో కంటే ఇంచుమించు 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. నీళ్లకు మాత్రం లీటరుకు కిలో అన్నది చాలా దగ్గరి లెక్క, అదీ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 30 డిగ్రీల నీళ్లయితే లీటరు సుమారు 996 గ్రాములు. బడి లెక్కలకు ఆ నాలుగు గ్రాములు పట్టించుకోనక్కర్లేదు.

ఈ గందరగోళానికి చరిత్రలోనూ చోటుంది. 1901లో అంతర్జాతీయంగా లీటరును ఒక కిలో నీళ్లు ఆక్రమించే చోటుగా నిర్వచించారు. అది వెయ్యి ఘన సెంటీమీటర్లతో సరిగ్గా సరిపోలేదు, పది లక్షలకు 28 వంతుల తేడా వచ్చింది. 1964లో ఆ నిర్వచనాన్ని తీసేసి లీటరంటే సరిగ్గా వెయ్యి ఘన సెంటీమీటర్లు అన్నారు. అప్పటినుంచి నిర్వచనంలో లీటరుకు, కిలోకు సంబంధం లేదు.

వెనక్కి మార్చి చూడటం ఎందుకు సరిపోదు

"జవాబు వచ్చాక వెనక్కి మార్చి చూసుకో, మొదటి సంఖ్య వస్తే సరైనట్టే" అని చాలామంది చెబుతారు. మంచి అలవాటే. కానీ అది కూడిక, గుణకారంలో చెయ్యి జారిన తప్పులనే పట్టుకుంటుంది. ఆలోచనలో ఉన్న తప్పును పట్టుకోలేదు.

మన నాలుగో లెక్కనే తీసుకోండి. క్వింటాలుకు 1000 కిలోలని నమ్మిన అమ్మాయి 2.52ను వెనక్కి మార్చేటప్పుడు మళ్లీ 1000తోనే గుణిస్తుంది. 2520 వచ్చేస్తుంది. సంతోషంగా టిక్కు పెట్టుకుంటుంది. మొదటి లెక్కలోనూ అంతే. కిలోమీటర్ల నుంచి మీటర్లకు భాగించాలనుకున్న పిల్ల, మీటర్ల నుంచి కిలోమీటర్లకు గుణిస్తుంది. 0.0035 మళ్లీ 3.5 అవుతుంది. తప్పు వెళ్లిన దారిలోనే తిరిగొస్తే బయలుదేరిన చోటికే చేరుతుంది.

తప్పు గుణకాన్ని పట్టుకునేది రెండో దారి. 2520 కిలోలను నేరుగా టన్నుల్లోకి మారిస్తే 2.52. ఇప్పుడు క్వింటాళ్ల మీదుగా వెళ్దాం. ఆమె లెక్కలో 2.52 క్వింటాళ్లు, టన్నుకు 10 క్వింటాళ్లు కాబట్టి 0.252 టన్నులు. రెండు దారులూ రెండు చోట్లకు చేర్చాయి, కాబట్టి మధ్యలో ఏదో గుణకం తప్పు. రెండో లెక్కలోనూ ఇలాగే. 45 మిల్లీమీటర్లను నేరుగా మీటర్లు చేస్తే 0.045. ఆమె 0.45 సెంటీమీటర్ల మీదుగా వెళ్తే 0.0045. తప్పు దొరికిపోయింది. అయితే దిశ తిరగబడే అలవాటున్న పిల్లకు ఇదీ పనిచేయదు, రెండు దారుల్లోనూ తిరగబడే వెళ్తుంది కాబట్టి. దానికి బ్యారేజీ, బియ్యపు గింజ లాంటి ఊహే మందు.

మెట్లు నేర్పాలా, గుణకం నేర్పాలా?

ఉపాధ్యాయుల్లో ఈ విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. మెట్ల పద్ధతిలో ఏడు మెట్లు గీసి, ఎన్ని మెట్లు దిగితే పాయింట్‌ను అన్ని స్థానాలు కుడికి జరపమంటారు. భిన్నాలు రాని పిల్లలు కూడా త్వరగా అందుకుంటారు, చిన్న తరగతులకు ఇదే నయమని దీన్ని ఇష్టపడేవారి వాదన. అందులో నిజముంది. కానీ క్వింటాలు, టన్ను ఆ ఏడు మెట్లలో లేవు. ఘన మీటర్లు వస్తే ఒక్కో మెట్టుకు మూడు స్థానాలు జరపాలి, ఆ సంగతి మెట్ల బొమ్మ చెప్పదు.

రెండో పద్ధతిలో యూనిట్‌ను కూడా సంఖ్యలాగే రాసి కొట్టేస్తారు.

45 మి.మీ. × (1 సెం.మీ. ÷ 10 మి.మీ.) = 4.5 సెం.మీ.

మిల్లీమీటర్లు మిల్లీమీటర్లతో పోయి సెంటీమీటర్లు మిగులుతాయి. గుణించాల్సిన చోట భాగిస్తే యూనిట్లు కొట్టుకుపోవు, దిశ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. పై తరగతుల్లో గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చేటప్పుడు ఇదే అక్కరకొస్తుంది. అయితే అయిదో తరగతి పిల్లకు ఇంత రాత బరువే. పైగా 10 బదులు 100 రాస్తే ఈ పద్ధతీ ఆపలేదు. నాకు రెండోదే మేలనిపిస్తుంది, కానీ భిన్నాలు గట్టిపడ్డాకే. అంతవరకు మెట్లతో తప్పేం లేదు.

యూనిట్ రాయని జవాబుకు మార్కు ఇవ్వాలా అన్న దాని మీద కూడా వాదన ఉంది. ప్రశ్నలోనే గీత పక్కన "గ్రా." అని అచ్చు వేసి ఉంటే సంఖ్య ఒక్కటే సరిపోతుందని కొందరంటారు. అచ్చులో లేనప్పుడు ఉత్త 4.5కు అర్థమే లేదని మరికొందరంటారు. ప్రశ్న ఎలా ఇచ్చారన్న దాన్ని బట్టి రెండూ సబబే. తెలుగు అచ్చులో "మీ.", "మి.మీ." పక్కపక్కన చిన్న అక్షరాల్లో ఉంటే పిల్లలు ఒకదాన్ని ఇంకొకటిగా చదవడం మామూలే. జవాబు సరిగ్గా వెయ్యి రెట్లు తప్పితే ముందు ఆ చదువుకోవడాన్నే అనుమానించాలి.

జవాబుల పేజీయే తప్పయితే

పిల్లల జవాబుకు పెట్టే పరీక్షలన్నీ జవాబుల పేజీకీ పెట్టొచ్చు, పెట్టాలి కూడా. "1500 ఘ.సెం.మీ. = ఎన్ని లీటర్లు?" అన్న దానికి పిల్లాడు 1.5 అని రాశాడు, వెనక పేజీలో 15 అని ఉందనుకుందాం. రెండింటిలోనూ అంకెలు ఒకటే, తేడా పది రెట్లు. ఎవరో ఒకరు ఒక మెట్టు జారారు. ఘన సెంటీమీటరునే బైకుల దగ్గర సీసీ అంటాం. 150 సీసీ ఇంజిన్‌లో సిలిండర్ కొలత 150 మిల్లీలీటర్లు, మూడు నాలుగు గుక్కల నీళ్లంత. దానికి పది రెట్లు 1500. అంటే లీటరున్నర, పెద్ద కూల్‌డ్రింక్ సీసా అంత. పదిహేను లీటర్లంటే ముప్పావు వంతు నిండిన ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్. పిల్లాడిదే సరైనది.

తరగతిలో చాలామంది ఒకే "తప్పు" జవాబు రాశారంటే రెండు కారణాలుండొచ్చు. అందరికీ ఒకే చోట పాఠం అర్థం కాలేదు, లేదా అచ్చులో ఉన్నదే తప్పు. అచ్చు జవాబును సరైన విలువతో భాగిస్తే పదో వందో వస్తే ముద్రణలో పాయింట్ జారి ఉంటుంది. అంకెలకు అసలు పొంతనే లేకపోతే పక్క ప్రశ్నల జవాబులతో పోల్చి చూడాలి. వేరే సెట్ ప్రశ్నల జవాబులు వచ్చి పడటమో, మధ్యలో ఒక జవాబు ఎగిరిపోవడంతో జవాబులన్నీ ఒక వరస పైకి జరగడమో జరుగుతుంటుంది. అప్పుడు నాలుగో ప్రశ్న జవాబు మూడో ప్రశ్న పక్కన, అయిదోది నాలుగో దాని పక్కన కనిపిస్తుంది.